పంచమంలో రాహు కుజులు, నీచ శుక్రుడు: సంతానం లేనట్టేనా?

ప్రశ్న: మా చెల్లికి 30 ఏళ్ళు. మంచి సంబంధం వచ్చింది, గుణాలు 26 కలిశాయి, నాడీ దోషం కూడా లేదు. కానీ మా పంతులు గారు "అమ్మాయిది మిథున లగ్నం, పంచమంలో రాహు కుజులు, పంచమాధిపతి శుక్రుడు నీచ, ఇది సర్పశాపం, సంతానం కష్టం, అబ్బాయి వాళ్ళకి ముందే చెప్పేయండి" అన్నారు. పైగా చెల్లికి పీసీఓడీ ఉంది, పీరియడ్స్ లేటుగా వస్తాయి. అమ్మ ఒకటే ఏడుపు. చెల్లికి ఇంకా ఏమీ చెప్పలేదు. సప్తాంశ చూస్తే తేలుతుందా? పుట్టింది అర్ధరాత్రి ప్రాంతంలో. లగ్నం మిథునం 8 డిగ్రీల 10 నిమిషాలు, చంద్రుడు కర్కాటకం 26 డిగ్రీల 30 నిమిషాలు, కుజుడు తుల 16, గురుడు వృశ్చికం 15, శుక్రుడు కన్య 12, బుధుడు కన్య 26, రాహువు తులలో.

సమాధానం:

అబ్బాయి వాళ్ళకి ఇప్పుడే ఏమీ చెప్పకండి. దాచమని కాదు. మీ ఇంట్లో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. పంతులు గారు చూసింది జాతకంలో ఒక్క ఇల్లు, డాక్టర్ చెప్పింది పీసీఓడీ. మొదటిదాన్ని రెండోదానికి సాక్ష్యంగా, రెండోదాన్ని మొదటిదానికి రుజువుగా పెట్టేసుకుని మీ అమ్మగారు ఏడుస్తున్నారు. నేను చాలా ఏళ్ళుగా పొంతనలు చూస్తున్నాను, ఇలాంటి జాతకం పట్టుకుని కళ్ళు తుడుచుకుంటూ వచ్చే తల్లులే ఎక్కువ. ముందు జాతకం సంగతి తేలుద్దాం, తర్వాత డాక్టర్ సంగతి.

గుణాలు 26 వచ్చినప్పుడు పంచమం ఎందుకు బాగాలేదు అని మీకు అనుమానం రావడం సహజం. గుణమేళనం మొత్తం చంద్రుడు ఉన్న నక్షత్రం, రాశి మీదే నడుస్తుంది. 36లో నాడికి 8 పాయింట్లు ఉన్నాయి, సంతానం పేరు చెప్పి దానికి అంత బరువు ఇచ్చారు. కానీ అది పంచమ భావాన్ని అసలు చూడదు. అందుకే నాడి కలిసి పంచమం దెబ్బతిన్న జాతకాలూ ఉంటాయి, పంచమం బాగుండి ఏకనాడి అయినవీ ఉంటాయి. ఒకటి ఇంకోదాన్ని కొట్టెయ్యదు.

ఇప్పుడు పంచమం. లగ్నం నుంచి చూస్తే పంతులు గారు చెప్పినవన్నీ నిజమే, ఆయన లేనిది కల్పించలేదు. తులలో రాహువు, పక్కన కుజుడు, ఇంటి యజమాని శుక్రుడు కన్యలో నీచ. పరాశర హోరలో పంచమంలో రాహువు ఉండి కుజుడి దృష్టి ఉంటే సర్పశాపం అని ఉంది, కలిసి ఉన్నా అలాగే తీసుకుంటారు. కానీ అదే అధ్యాయంలో దానికి శాంతి కూడా చెప్పి, అది చేస్తే సంతానం కలుగుతుందని కూడా రాశారు. అంటే ఆ గ్రంథాన్ని అక్షరాలా నమ్మేవాళ్ళు కూడా "సంతానం లేదు" అని తీర్పు ఇవ్వడానికి వీల్లేదు. ఆ రెండో సగం ఎందుకో మన దగ్గర ఎవరూ చదివి వినిపించరు.

ఇంకో మామూలు లెక్క కూడా చూడండి. రాహువు ఒక రాశిలో సుమారు ఏడాదిన్నర ఉంటాడు. ఆ ఏడాదిన్నరలో ప్రతి రోజూ రెండు గంటల పాటు మిథున లగ్నం నడుస్తుంది. అంటే ఆ కాలంలో పుట్టిన ప్రతి పన్నెండు మందిలో సుమారు ఒకరికి పంచమంలో రాహువు ఉన్నట్టే. వాళ్ళందరికీ పిల్లలు లేకుండా పోలేదు కదా. కాబట్టి ఆ ఒక్క మాట పట్టుకుని ఎవరూ ఏమీ తేల్చలేరు, మిగతా జాతకమంతా చూడాలి.

చూద్దాం. శుక్రుడు నీచ సరే, కానీ అదే కన్యలో బుధుడు ఉచ్చలో కూర్చున్నాడు. నీచలో ఉన్న గ్రహానికి ఆ రాశి అధిపతే ఉచ్చలో తోడుగా ఉంటే నీచభంగం. పైగా ఆ బుధుడు మీ చెల్లికి లగ్నాధిపతి. పంతులు గారు ఈ మాట ఎత్తలేదంటే తొందరలో ఉండి ఉంటారు. తర్వాత, సంతానం విషయంలో లగ్నం నుంచి మాత్రమే పంచమం చూడరు, చంద్రుడి నుంచి, గురుడి నుంచి కూడా చూస్తారు, ఎందుకంటే గురుడు పుత్రకారకుడు. చంద్రుడి నుంచి అయిదో ఇల్లు వృశ్చికం, అక్కడ గురుడు ఉండి తన తొమ్మిదో దృష్టితో చంద్రుణ్ణి చూస్తున్నాడు. కారకుడు ఆ భావంలోనే ఉంటే భావానికి చేటు అనే సూత్రం కొందరు తెస్తారు, కానీ అది లగ్నం నుంచి అయిదులో గురుడికి చెప్పే మాట, దాన్ని కూడా నేను పెద్దగా పట్టించుకోను. గురుడి నుంచి అయిదో ఇల్లు మీనం, అది ఆయన సొంత ఇల్లు, తన ఇంటిని తనే చూస్తున్నాడు. మూడు చోట్ల నుంచి చూస్తే ఒక చోట దెబ్బ ఉంది, రెండు చోట్ల బలం ఉంది.

ఇక సప్తాంశ, అంటే సంతానం కోసం విడిగా వేసే చక్రం. ఒక రాశిని ఏడు భాగాలు చేస్తే ఒక్కో భాగం సుమారు 4 డిగ్రీల 17 నిమిషాలు. బేసి రాశిలో ఉన్న గ్రహానికి అదే రాశి నుంచి లెక్క మొదలు, సరి రాశిలో ఉంటే దాని ఏడో రాశి నుంచి. శుక్రుడు కన్యలో 12 డిగ్రీలు, అంటే మూడో భాగం. కన్య సరి రాశి కాబట్టి లెక్క మీనం నుంచి: మీనం, మేషం, వృషభం. శుక్రుడు సప్తాంశలో వృషభంలో, తన సొంత ఇంట్లో ఉన్నాడు. కుజుడు తులలో 16, నాలుగో భాగం. తుల బేసి రాశి కాబట్టి తుల, వృశ్చికం, ధనుస్సు, మకరం. కుజుడు సప్తాంశలో ఉచ్చ. గురుడు వృశ్చికంలో 15, నాలుగో భాగం, లెక్క వృషభం నుంచి, సింహం వస్తుంది, అది మిత్రుడి ఇల్లు. రాశిచక్రంలో నీచ అని మిమ్మల్ని భయపెట్టిన శుక్రుడే సంతానం కోసం చూసే చక్రంలో సొంత ఇంట్లో ఉన్నాడన్నమాట. సప్తాంశ చూడకుండా సంతానం మీద మాట్లాడకూడదని పెద్దవాళ్ళు అనేది ఇందుకే.

కానీ ఇక్కడే ఒక పెద్ద చిక్కు ఉంది, ఇది చాలామంది చెప్పరు. గ్రహాల సప్తాంశ స్థానాలు కొన్ని నిమిషాల తేడాకి మారవు. సప్తాంశ లగ్నం మాత్రం సుమారు 17, 18 నిమిషాలకి ఒకసారి మారిపోతుంది. మీ చెల్లి లగ్నం 8 డిగ్రీల 10 నిమిషాలు. మిథునంలో రెండో భాగం 8 డిగ్రీల 34 నిమిషాల దగ్గర అయిపోతుంది. మిగిలింది డిగ్రీల లెక్కలో 24 నిమిషాలు, గడియారంలో రెండు నిమిషాల లోపు. ఆస్పత్రిలో నర్సు బిడ్డను తుడిచి, తల్లిని చూసుకుని, ఆ తర్వాత గోడ గడియారం చూసి రాసిన టైం అది. రెండు నిమిషాలు అటూ ఇటూ అవడం ఒక లెక్కా? రాసిన టైం కరెక్ట్ అయితే సప్తాంశ లగ్నం కర్కాటకం, దాని పంచమం వృశ్చికం, అధిపతి కుజుడు ఏడులో ఉచ్చ, శుక్రుడు పదకొండు నుంచి ఆ పంచమాన్ని చూస్తున్నాడు. రెండు నిమిషాలు ఆలస్యంగా పుట్టి ఉంటే లగ్నం సింహం, పంచమం ధనుస్సు, అధిపతి గురుడు లగ్నంలో కూర్చుని దాన్ని చూస్తున్నాడు. అదృష్టం కొద్దీ రెండూ బాగానే ఉన్నాయి. కానీ ఇదే జాతకంలో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది వచ్చి ఉంటే ఏ చక్రం పట్టుకుని అమ్మాయి పెళ్ళి ఆపుతారు? సాఫ్ట్‌వేర్‌లో అయనాంశ లాహిరి నుంచి రామన్‌కి మార్చినా దాదాపు డిగ్రీన్నర జరుగుతుంది, మీ చెల్లి లగ్నం సింహ సప్తాంశలోకి వెళ్ళిపోతుంది. ప్రింటవుట్ ఇచ్చినవాళ్ళు ఏ అయనాంశ వాడారో ముందు చూసుకోండి.

సంతాన బలం చూడటానికి స్త్రీ జాతకంలో క్షేత్ర స్ఫుటం అని ఒకటి వేస్తారు. చంద్రుడు, కుజుడు, గురుడు ముగ్గురి స్ఫుటాలు మేషం నుంచి డిగ్రీల్లోకి మార్చి కూడాలి. మీ చెల్లికి 116.5, 196, 225, మొత్తం 537.5, అందులో 360 తీసేస్తే 177.5, అంటే కన్య 27 డిగ్రీల 30 నిమిషాలు. సరి రాశి, నవాంశ కూడా కన్యే. క్షేత్ర స్ఫుటం సరి రాశిలో, సరి నవాంశలో పడితే బలం అంటారు. ఇక్కడ రెండూ పడ్డాయి. (చంద్రుడు ఆశ్లేషలో ఉన్నాడు కదా అని ఎవరో ఒకరు కింద అత్తగారి గండం గురించి మొదలెడతారు, దయచేసి ఈ ప్రశ్నలో వద్దు.)

మరి అబ్బాయిది? పురుషుడికి బీజ స్ఫుటం ఉంది: రవి, శుక్రుడు, గురుడు కూడి, బేసి రాశి, బేసి నవాంశ వస్తే బలం. క్షేత్రం, బీజం అని జంటగా శాస్త్రమే పెట్టింది. మీ పంతులు గారు అబ్బాయి పంచమం గురించి ఒక్క మాట అన్నట్టు మీ ప్రశ్నలో లేదు. ఇది ఆయన ఒక్కరి అలవాటు కాదు, పొంతనలకి కూర్చున్న ప్రతి చోటా అమ్మాయి కాగితం తిరగేసి తిరగేసి చూస్తారు, అబ్బాయి కాగితంలో ఉద్యోగం, ఆయుష్షు చూసి మూసేస్తారు. సంతానం విషయంలో ఒక్కరి జాతకం చూసి చెప్పేది సగం మాట కూడా కాదు.

మొత్తం మీద నా అభిప్రాయం ఇది. ఈ జాతకంలో సంతాన విషయంలో కొంత ఆలస్యం, కొంత ఆందోళన సూచన ఉంది అని మాత్రమే నేను అంటాను. "లేదు" అనే మాటకి ఆధారం లేదు. ఇంత కన్నా బాగాలేని జాతకం అయినా ఆ మాట అనను, ఎందుకంటే జాతకం గర్భాశయాన్ని చూడదు, అండాన్ని చూడదు. అలాగే "ఫలానా ఏడాదిలోపు పుడతారు" అని దశలు చూసి తేదీ కూడా ఇవ్వను. పెళ్ళైన అమ్మాయికి ఆ తేదీ ఒక గడువైపోతుంది. అది దాటిన రోజు నుంచి ప్రతి నెలా ఇంట్లో అందరూ ఆమె ముఖం చూస్తారు.

ఇక పీసీఓడీ. దీనికీ తులలో రాహువుకీ ఏ సంబంధం లేదు, దయచేసి ముడిపెట్టకండి. పీసీఓడీలో అండం నెలనెలా సరిగ్గా విడుదల కాదు, పీరియడ్స్ ఆలస్యం అందుకే. చాలామందికి మామూలుగానే గర్భం వస్తుంది, కొందరికి అండం విడుదల కావడానికి లెట్రోజోల్ లాంటి మాత్రలు కొన్ని నెలలు అవసరం అవుతాయి, బరువు ఎక్కువ ఉంటే కొంచెం తగ్గినా సైకిల్ సర్దుకోవచ్చు. మందులు ఏవి, ఎప్పుడు అన్నది గైనకాలజిస్ట్ చెప్పాల్సిందే, మెడికల్ షాపు వాడు కాదు, మేము కూడా కాదు. మామూలుగా పెళ్ళైన జంట ఏడాది ప్రయత్నించాక డాక్టర్ దగ్గరికి వెళ్ళమంటారు, ఆవిడకి 35 దాటితే ఆరు నెలలకే. మీ చెల్లికి సైకిల్ సరిగ్గా లేదని తెలుసు కాబట్టి ఆ ఏడాది కోసం ఎదురుచూడక్కర్లేదు, పిల్లలు కావాలనుకున్నప్పుడే వెళ్ళి కలవచ్చు. అప్పుడు వెళ్ళేది ఇద్దరూ కలిసి వెళ్ళాలి. పిల్లలు ఆలస్యమయ్యే జంటల్లో దాదాపు సగంలో మగవాళ్ళ వైపు కారణం కూడా ఉంటుంది. వీర్య పరీక్ష చిన్న పని, రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి శాంపిల్ ఇస్తే చాలు, అయినా మన ఇళ్ళల్లో అమ్మాయికి రకరకాల స్కాన్లు, ఇంజెక్షన్లు అయ్యాక గానీ ఆ పరీక్ష గుర్తుకు రాదు.

పెళ్ళికి ముందే ఏఎంహెచ్ పరీక్ష చేయించి రిపోర్ట్ చూపించమని ఈమధ్య కొందరు అడుగుతున్నారు. అది అండాల నిల్వ సుమారుగా ఎంత ఉందో చెబుతుంది, మామూలుగా గర్భం వస్తుందా రాదా అన్నది చెప్పదు. పీసీఓడీ ఉన్నవాళ్ళకి తరచుగా ఎక్కువే వస్తుంది. దాన్ని పెళ్ళి సర్టిఫికెట్‌గా ఇవ్వకండి. పుట్టబోయే పిల్లల కోసం పెళ్ళికి ముందు నిజంగా పనికొచ్చే పరీక్ష తలసేమియా క్యారియర్ పరీక్ష, ఇద్దరికీ. ఇద్దరూ క్యారియర్లు అయితే ప్రతి గర్భంలోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. క్యారియర్‌కి పైకి ఏ లక్షణమూ ఉండకపోవచ్చు, కాబట్టి చూస్తే తెలియదు. మేనరికం సంబంధాల్లో అయితే నాడి కన్నా ముందు ఇది చూడమంటాను.

ఇప్పుడు ఎవరికి ఏం చెప్పాలి అన్నది. మొదట చెల్లికి చెప్పండి, తన జాతకం గురించి తనకి తప్ప ఇంట్లో అందరికీ తెలియడం అన్యాయం. అమ్మ ఏడుస్తుంటే పక్కన కూర్చోబెట్టి చెప్పకండి. మీరిద్దరే ఉన్నప్పుడు ఇలా చెప్పండి: "పంతులు గారు సంతానం ఆలస్యం అవ్వొచ్చు అన్నారు, ఇంకొకరికి చూపిస్తే అంత భయపడాల్సిందేమీ లేదన్నారు. నీ పీసీఓడీకి దీనికి సంబంధం లేదు. అబ్బాయికి నీ ఆరోగ్యం గురించి ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అనేది నువ్వు నిర్ణయించు, నేను నీ వెనక ఉంటాను." ఆ తర్వాత తను ఏడ్చినా, కోపంగా లేచి వెళ్ళిపోయినా వదిలేయండి, వెంటపడి "ఏం కాదులే" అనకండి. ఆ మాట వినే ఓపిక అప్పుడు ఎవరికీ ఉండదు. "దత్తత తీసుకోవచ్చులే" అని అస్సలు అనకండి. మంచి ఉద్దేశంతోనే అంటారు, కానీ వినేవాళ్ళకి "నీకు పుట్టరు" అనే వినిపిస్తుంది.

అబ్బాయి విషయానికొస్తే, జాతకంలో దోషం ఉంది అని మీరు వెళ్ళి చెప్పాల్సిన బాధ్యత ఏమీ లేదు. జాతకం ఇచ్చారు, వాళ్ళు వాళ్ళ పంతులుకి చూపించుకుంటారు. పీసీఓడీ మాత్రం చెప్పాలి, ఎందుకంటే అది నిజమైన ఆరోగ్య విషయం, పెళ్ళైన తర్వాత మాత్రల డబ్బా చూసి తెలిస్తే "దాచిపెట్టి చేశారు" అనే మాట జన్మంతా పోదు. కానీ మధ్యవర్తి చేత చెప్పించకండి. ఆయన నోట్లో పీసీఓడీ సాయంత్రానికి "గర్భసంచి ప్రాబ్లం" అవుతుంది, సంబంధం కుదరకపోతే తర్వాత వచ్చే ప్రతి సంబంధానికీ ఆ మాట ముందే చేరుతుంది. రెండు వైపులా ఇష్టపడ్డాక, తాంబూలాలకి ముందు, చెల్లి నేరుగా అబ్బాయికి చెబితే మంచిది. "నాకు పీసీఓడీ ఉంది, పీరియడ్స్ ఆలస్యంగా వస్తాయి, డాక్టర్‌కి చూపించుకుంటున్నాను. పిల్లలకి కొంచెం టైం పట్టొచ్చు, మందులు వాడాల్సి రావచ్చు. ఆలోచించుకుని చెప్పండి" అంటే చాలు. క్షమాపణ అడిగే గొంతు అక్కర్లేదు. అలాగే "మీ వైపు ఏమైనా ఉంటే నాకూ చెప్పండి" అని అడగాలి. పెద్దయ్యాక గవదబిళ్ళలు వచ్చి వృషణాలు వాచాయా, చిన్నప్పుడు వృషణం కిందికి దిగలేదని ఆపరేషన్ అయిందా, వేరికోసీల్ ఉందని ఎవరైనా చెప్పారా, ఇవి మగపిల్లల ఇళ్ళల్లో అందరూ మర్చిపోయే విషయాలు. అబ్బాయి వినగానే "మా అమ్మని అడగాలి" అంటే కంగారు పడకండి, టైం ఇవ్వండి. "ముందు రిపోర్టులన్నీ పంపండి, నావి ఎందుకు" అంటే మాత్రం ఆ సంబంధం గురించి మీరే ఆలోచించుకోండి.

శాంతుల గురించి అడుగుతారని తెలుసు. శ్రీకాళహస్తిలో రాహు కేతు పూజ, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి దర్శనం మీ అమ్మగారికి మనశ్శాంతి ఇస్తుందంటే వెళ్ళిరండి, తప్పేం లేదు. చెల్లిని బలవంతంగా తీసుకెళ్ళకండి, దోషం ఉన్న పిల్లగా అక్కడ కూర్చోబెడితే ఆ రోజు తను మర్చిపోదు. పెళ్ళయ్యాక ఇద్దరూ తమంతట తాము వెళ్తే వేరే సంగతి. నాగప్రతిష్ఠ చేయకపోతే పిల్లలు పుట్టరని, దానికి ఇంత అవుతుందని వేలల్లో చెప్పేవాళ్ళ దగ్గర, పుష్యరాగం అమ్మేవాళ్ళ దగ్గర ఆగకండి. మాత్రలు ఆపేసి ఉపవాసాలు చేయమని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మీ పంతులు గారితో గొడవ పెట్టుకోవద్దు, పాతకాలపు మనిషి, మీ మంచికే చెప్పానని అనుకుంటారు. "గురువుగారూ, కన్యలో బుధుడు ఉచ్చలో ఉన్నాడు కదా, సప్తాంశలో శుక్రుడు వృషభంలో పడుతున్నాడు, అబ్బాయి బీజ స్ఫుటం కూడా ఒకసారి వేసి చూస్తారా" అని మర్యాదగా అడగండి. లెక్క వేసేవారైతే కాగితం తీస్తారు. అబ్బాయి రవి, శుక్రుడు, గురుడు డిగ్రీలు, లగ్నం దొరికితే ఇక్కడ పెట్టండి, నేనూ చూస్తాను. పేరు, ఊరు, పుట్టిన తేదీ మాత్రం పెట్టకండి, ఇది అందరూ చదివే చోటు.